చేయలేదా, చేయలేడా? మొండికేసిన రెండేళ్ల పిల్లాడి ఎదుగుదల పరీక్షను ఎంతవరకు నమ్మాలి

ఆ బాబు గదిలోకి అడుగుపెట్టిన నిమిషంలోపే వాళ్లమ్మ కొంగులో తల దూర్చేశాడు. వయసు 26 నెలలు. నెలలు నిండకుండా 34 వారాలకే పుట్టాడు. మాటలు సరిగా రావట్లేదని పిల్లల డాక్టరు గారు పరీక్షకు పంపారు. నేను ఒక ఎర్ర క్యూబు తీసి బల్ల మీద పెట్టాను. వాడు తల ఎత్తి చూసి, క్యూబునీ నా చేతినీ కలిపి తోసేశాడు. పక్కన కూర్చున్న నాయనమ్మ "ఇంట్లో అన్నీ చేస్తాడమ్మా, ఇక్కడే ఇట్లా" అంది. వాళ్లమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆమె ముఖంలో టెన్షన్ స్పష్టంగా కనిపిస్తోంది.

ఆ రోజు అరగంట కూడా సాగలేదు. ఏడుపు, మధ్యలో కాసేపు ఆట, మళ్లీ ఏడుపు. నిబంధన ప్రకారం లెక్కవేస్తే మానసిక ఎదుగుదల 15 నెలల పిల్లాడి స్థాయిలో ఉన్నట్టు తేలింది. ముందే పుట్టిన పిల్లలకు రెండేళ్లు వచ్చేవరకు, కొందరు ఆ పైన కూడా కొంతకాలం, సరిచేసిన వయసునే లెక్కలోకి తీసుకుంటారు. 40 వారాలకు పుట్టాల్సినవాడు 34కే పుట్టాడు కాబట్టి ఆరు వారాలు తీసేస్తే వాడి వయసు 24 నెలల 15 రోజులు. 15ని 24.5తో భాగించి 100తో గుణిస్తే 61. దీన్నే డెవలప్‌మెంటల్ కోషెంట్, వాడుకలో డీక్యూ అంటాం. 70 లోపు వస్తే ఎదుగుదలలో ఆలస్యం ఉన్నట్టు రాస్తాం.

61 అని రాసేసి, సంతకం పెట్టి పంపేయొచ్చు. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఆ అంకెలో మూడు వేర్వేరు సంగతులు ఒకే సున్నా కింద కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా ఆ కాగితం ఆ తల్లి చేతికిస్తే ఆమెకు అబద్ధం చెప్పినట్టే. ఈ వ్యాసం ఆ విడదీయడం గురించే.

ఒకే సున్నా, మూడు కారణాలు

మన దేశంలో ఈ వయసు పిల్లలకు ఎక్కువగా వాడే ఎదుగుదల పరీక్ష డాసీ. బేలీ స్కేళ్లు అనే విదేశీ పరీక్షను ఆధారం చేసుకుని, బరోడాలో ప్రమీలా ఫాటక్ బృందం మన పిల్లల మీద ప్రమాణాలు కట్టి తయారుచేసింది. పుట్టినప్పటి నుంచి 30 నెలల వరకు వాడొచ్చు. శారీరక కదలికలకు 67 ఐటమ్‌లు, మానసిక ఎదుగుదలకు 163 ఐటమ్‌లు ఉంటాయి. ఒక పెట్టెలో క్యూబులు, గంట, అద్దం, కప్పు, బొమ్మ, పెగ్ బోర్డు, ఆకారాలు అమర్చే చెక్క పలక, బొమ్మల కార్డులు వంటివి ఉంటాయి. బిడ్డకు అది ఆట. మనకు మాత్రం ప్రతి కదలికా ఒక జవాబు. క్యూబులనే తీసుకోండి. 15 నెలల ప్రాంతంలో ఒకదాని మీద ఒకటి పెడతారు, ఏడాదిన్నరకు మూడు నాలుగు నిలబెడతారు, రెండేళ్లకు ఆరు దాకా వెళ్తారు. ఇది కేవలం చేతి పని అనుకుంటాం గానీ, పడిపోకుండా వదలడం, చూసింది గుర్తుంచుకుని చేయడం, పడిపోతే మళ్లీ మొదలుపెట్టడం అన్నీ అందులో ఉన్నాయి.

ఇక సున్నా సంగతి. నేను ఆరు క్యూబులు ముందు పెట్టి, ఒక గోపురం కట్టి చూపించి, "నువ్వు కట్టు" అన్నాననుకోండి. బిడ్డ రెండు పెట్టాడు, మూడోది పెట్టగానే పడిపోయింది, మళ్లీ పెట్టాడు, మళ్లీ పడిపోయింది. ఇది ప్రయత్నించి రాకపోవడం. ఇంకో బిడ్డ క్యూబును చేతిలోకి తీసుకుని, నా వంక చూస్తూ గది మూలకు విసిరేశాడు. ఇది వద్దనడం. మూడో బిడ్డకు నేను క్యూబుల దాకా వెళ్లనే లేదు, అప్పటికే నిద్ర ముంచుకొచ్చింది. ఇది అసలు పరీక్షించకపోవడం. స్కోరు కాగితం మీద మూడూ సున్నాలే. ఎదుగుదల గురించి నేరుగా ఏమైనా చెప్పేది మొదటి సున్నా ఒక్కటే.

అందుకే నేను ప్రతి ఐటమ్ పక్కన ఒక అక్షరం రాసుకుంటాను. చేస్తే "చే", ప్రయత్నించి రాకపోతే "రా", వద్దంటే "వ", నేనే ఆ ఐటమ్ పెట్టలేకపోతే "పె". వద్దన్నప్పుడు ఎలా వద్దన్నాడో కూడా రెండు మాటల్లో రాస్తాను. విసిరాడా, ముఖం తిప్పుకున్నాడా, అమ్మ దగ్గరికి వెళ్లాడా, ముందు ఒకసారి ముట్టుకుని వదిలేశాడా అన్నది ముఖ్యం. ఈ అలవాటు లేని రోజుల్లో రాసిన రిపోర్టులు ఇప్పుడు నా ముందు పెడితే, వాటిలో సున్నా అంటే ఏమిటో నేనే చెప్పలేను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ బాబు మొదటి రోజు కాగితం తీసి చూస్తే, వాడి ముందు పెట్టినవి 20 ఐటమ్‌లు. చేసినవి 8. ప్రయత్నించి రానివి 3. వద్దన్నవి 9. అంటే 12 సున్నాల్లో తొమ్మిది రెండో రకానివి. ఇది తేలగానే 61 అనేది వాడి స్థాయి కాదని, వాడి స్థాయి అంతకన్నా తక్కువ కాదని మాత్రమే చెప్పే అంకె అని అర్థమవుతుంది. నేల ఎక్కడుందో తెలిసింది. పైకప్పు ఎక్కడుందో తెలియలేదు.

ముందుగా పక్క చూపు

సహకారం సంపాదించడం అంటే బిడ్డను బుజ్జగించడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి సగం పని బిడ్డ గదిలోకి రాకముందే అయిపోవాలి. మొదటి రోజు ఆ కుటుంబం తెల్లవారుజామున ఊళ్లో బస్సెక్కి, ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడి, పదకొండున్నరకు నా దగ్గరికి వచ్చింది. అది వాడు రోజూ నిద్రపోయే సమయం. పైగా దారిలో అల్లరి చేస్తే "డాక్టరమ్మ సూది వేస్తది" అని భయపెట్టారు. మన ఇళ్లలో ఇది మామూలు మాట. ఆ మాట విన్న బిడ్డకు నా చేతిలో క్యూబు ఉందా సూది ఉందా అన్నది తేడా తెలియదు. అందుకని రెండో తడవ నేను అడిగినవి చాలా చిన్నవి. నిద్ర లేచి, తిన్న తర్వాతే రండి. సూది మాట ఎత్తొద్దు. "ఆడుకోవడానికి పోతున్నాం" అనండి. జలుబు, జ్వరం ఉంటే రావొద్దు, ఫోన్ చేస్తే వేరే రోజు ఇస్తాను. ఫిట్స్ మందులు వాడే పిల్లలైతే, ఆ మందుకు ఏ సమయంలో మత్తుగా ఉంటారో కూడా అడగాలి. వీడికి అది లేదు.

పదకొండు రోజుల తర్వాత వచ్చారు. ఈసారి బల్ల, కుర్చీ తీసేసి చాప వేశాను. వాడు అమ్మ ఒడిలో. నేను రెండు మీటర్ల దూరంలో, కాస్త పక్కకు తిరిగి కూర్చున్నాను. వాడి వంక చూడలేదు, పలకరించలేదు. వాళ్లమ్మతో మాట్లాడుతూ నా చేతిలో కీ ఇచ్చే కప్ప బొమ్మను తిప్పుతూ ఉన్నాను. ఈ వయసు బిడ్డకు కొత్త మనిషి సూటిగా చూడటమే పెద్ద ఒత్తిడి. మనం చూపు తిప్పుకుంటే వాళ్లు మనల్ని చూడటం మొదలుపెడతారు. నాలుగు నిమిషాలకు కొంగు పక్కకు జరిగింది. ఆరో నిమిషానికి కప్పను చాప మీద గెంతనిచ్చి, నాకూ వాడికీ మధ్యలో ఆగిపోయేలా వదిలేశాను. తీసుకోమని అనలేదు. వాడు దిగి వచ్చి, కప్పను పట్టుకుని, తిప్పి చూసి, కీ దగ్గర వేలు పెట్టి, నా వైపు చూశాడు.

ఆ చూపు కోసం నేను ఎంతసేపైనా ఆగుతాను. పరీక్ష అప్పటికే మొదలైపోయింది. బొమ్మ ఆగిపోయింది, అది ఆడాలంటే ఏదో చేయాలి, చేయగలిగినది ఈవిడ, ఈవిడను అడగాలి అని వాడికి తెలుసు. ఆ చూపులో ఇదంతా ఉంది. కాగితం మీద రాసుకున్నాను.

దీని తర్వాత పాటించేవి కొన్ని ఉన్నాయి. ఒకేసారి ఒకే వస్తువు బయట ఉండాలి, పెట్టె నా వెనక మూత పెట్టి ఉండాలి. ఆడుతున్న వస్తువును లాక్కోకూడదు. కొత్తది చూపిస్తే పాతది వాడే వదిలేస్తాడు. "చేస్తావా?" అని అడగకూడదు, ఎందుకంటే రెండేళ్ల బిడ్డ అలాంటి ప్రశ్నకు చెప్పే జవాబు "వద్దు". చేసి చూపించి, వస్తువు ముందు పెట్టి, నోరు మూసుకుని ఆగాలి. ఆ ఆగడం మనకు యుగంలా అనిపిస్తుంది గానీ, గడియారం చూస్తే పది సెకన్లు కూడా కాదు. అమ్మలు అక్కడే తట్టుకోలేరు. "పెట్టు నాన్నా, ఇంట్లో పెడతావు కదా, ఇదిగో ఇక్కడ" అని వేలు చూపించేస్తారు. అందుకే ముందే చెబుతాను, "అమ్మా, వాడు తప్పు చేసినా, చేయకపోయినా మీరు చూస్తూ ఉండండి చాలు. నాకు కావాలంటే నేనే మిమ్మల్ని చెప్పమంటాను."

మాటలతో పని లేని వాటిని ముందు పెడతాను. చెక్క పలకలో ఆకారాలు, క్యూబులు, సీసాలో గింజ వేయడం. మాటలతో చేయాల్సినవి తర్వాత. మధ్యలో విసుగు వస్తే బంతి తన్నడం, మెట్టెక్కడం. బిడ్డకు విరామం, నాకు కదలికల ఐటమ్‌లు. ఫోన్ మాత్రం బయటికి తీయనివ్వను. ఒక్క నిమిషం వీడియో చూపించి ఏడుపు మాన్పించవచ్చు గానీ, ఆ తర్వాత చెక్క క్యూబులకు ఆ గదిలో విలువ ఉండదు.

బిడ్డ తనకు నచ్చింది తాను చేస్తున్నప్పుడు కూడా రాసుకోవడానికి చాలా దొరుకుతుంది. సబ్బు బుడగల సీసాకు మూత గట్టిగా బిగించి చేతికిస్తే, తీయలేక విసిగి ఏం చేస్తాడో చూడటం ఒక ఐటమ్ కన్నా ఎక్కువ చెబుతుంది. నా చేయి పట్టుకుని సీసా మీద పెడతాడా, సీసా నాకిచ్చి ముఖం చూస్తాడా, నేలకేసి కొడతాడా, అమ్మ దగ్గరికి తీసుకెళ్తాడా? బంతి మంచం కిందికి దొర్లిపోతే వంగి వెతికాడంటే, కనబడని వస్తువు ఎక్కడో ఉందని తెలిసినట్టే. నేను దాన్ని మళ్లీ గుడ్డ కింద దాచి పరీక్షించాల్సిన పని లేదు.

ఎంతవరకు సాయం చేయొచ్చు

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. బిడ్డను ఎలాగైనా చేయించాలన్న ఆరాటంలో పరీక్షనే మార్చేస్తాం. ప్రమాణాలు కట్టినప్పుడు వేలమంది కాకపోయినా వందలమంది పిల్లలకు ఒకే తీరులో పెట్టి, ఏ వయసులో ఎంతమంది చేశారో చూస్తారు. మనం తీరు మారిస్తే ఆ పట్టికతో పోల్చే హక్కు పోతుంది.

వరుస మార్చొచ్చు. చాప మీద పెట్టొచ్చు, ఒడిలో పెట్టొచ్చు. మధ్యలో ఆపి బిస్కెట్ తినిపించొచ్చు. వస్తువును అమ్మ చేత ఇప్పించొచ్చు, ఆమె నోటి వెంటే మాట అనిపించొచ్చు, అది నేను చెప్పిన మాటే అయితే చాలు. ప్రయత్నానికి చప్పట్లు కొట్టొచ్చు. ఇంటి మాట వాడొచ్చు. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. "ముక్కు ఏది?" అంటే తెల్లమొహం వేసిన బిడ్డ "నోస్ ఏదీ?" అనగానే ముక్కు పట్టుకుంటాడు, ఎందుకంటే ఇంట్లో నేర్పింది అదే. బంతిని బాల్ అనే ఇళ్లు, అన్నాన్ని బువ్వ అనే ఇళ్లు, ఇంట్లో ఉర్దూ, లంబాడీ, గోండి మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. ముందే అమ్మను అడిగి పది మాటల చీటీ రాసుకుంటే సగం సున్నాలు తప్పుతాయి.

చేయకూడనివి ఏమిటంటే, సరైన బొమ్మ వైపు వేలు చూపడం, చూడటం, చెయ్యి పట్టి చేయించడం, రెండుసార్లు చూపించాల్సింది ఐదుసార్లు చూపించడం, సరైన జవాబుకే చప్పట్లు కొట్టి తప్పుకు ముఖం ముడుచుకోవడం. ఇవి కూడా ఒక్కోసారి చేస్తాను. కానీ నిబంధన ప్రకారం సున్నా వేసిన తర్వాతే చేస్తాను, దాన్ని వేరే రంగు పెన్నుతో రాస్తాను. స్కోరులో కలపను. "చూపిస్తే చేశాడు" అన్నది మార్కు కాదు, కానీ ఏం నేర్పాలో అది చెబుతుంది. ఆ బాబు విషయంలో అసలు గుట్టు అక్కడే దొరికింది.

వద్దన్నవన్నీ ఒక చోట పెడితే

మొదటి రోజు వాడు వద్దన్న తొమ్మిదింటినీ వరుసగా రాసి చూశాను. రెండే చేతి పనివి. ఏడు మాటతో చెప్పేవి. "బొమ్మకు పాలు తాగించు", "కప్పు ఏది చూపించు", "క్యూబు అమ్మకివ్వు" లాంటివి. మూడ్ బాలేకపోతే సున్నాలు అన్ని రకాల ఐటమ్‌ల మీదా చెల్లాచెదురుగా పడాలి. ముఖ్యంగా సెషన్ చివర్లో, అలసిపోయాక ఎక్కువగా పడాలి. ఒకే రకం ఐటమ్‌ల మీద గుంపుగా పడ్డాయంటే అది మూడ్ కాదు. బిడ్డకు ఏది కష్టమో దాన్నే తప్పించుకుంటున్నాడు. పెద్దవాళ్లమే రాని పని ఇస్తే "తర్వాత చేస్తా" అంటాం. బిడ్డ క్యూబు విసిరేస్తాడు.

దీనికి తిరగేసిన ఆనవాలు కూడా ఉంది. ఒకే వరుసలో కష్టమైనది చేసి, సులువైనది చేయకపోతే, ఆ సులువైన దాని సున్నాను నమ్మకూడదు. చెక్క పలకలో మూడు ఆకారాలూ అమర్చినవాడికి గుండ్రటి ముక్క ఒక్కటే పెట్టడం రాకపోవడం ఉండదు. అప్పుడు వాడికి విసుగు పుట్టి ఉంటుంది, అంతే.

రెండో రోజు వాడు హుషారుగా ఉన్నాడు. మొదటిసారి తోసేసిన రెండు చేతి పనులూ వెంటనే చేశాడు. ఆకారాల పలకలో తన వయసుకు తగ్గ దాకా వెళ్లాడు. ఇక మాటలవి. వాడు బుడగల వైపు తిరిగి ఉండగా "క్యూబు అమ్మకివ్వు" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. రెండో తడవా అంతే. అంతా బాగానే ఉన్న బిడ్డ, ఇష్టంగా ఆడుతున్న బిడ్డ, ఈ ఒక్క దగ్గర గోడలా అయిపోతున్నాడు. వాడి ఎదురుగా, అడుగు దూరంలోకి వచ్చి, ముఖం చూసేదాకా ఆగి, అదే మాట కాస్త గట్టిగా అన్నాను. క్యూబు తీసుకెళ్లి అమ్మకిచ్చాడు. ఎదురుగా స్పష్టంగా చెప్పడం నిబంధన లోపలే ఉంది, కాబట్టి మార్కు ఇచ్చాను. ఏడింటిలో మూడు అలా చేశాడు. మిగతా నాలుగింటికి నిబంధన ప్రకారం సున్నా వేశాక, నోరు కదపకుండా చేత్తో సైగ చేసి చూశాను. నాలుగూ చేశాడు.

సైగ అర్థమవుతోంది, పని తెలుసు, చేయాలనీ ఉంది. మాట మాత్రం చేరడం లేదు. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది చెవిని. "వినపడుతుంది మేడమ్, ఆటో హారన్ కొడితే ఉలిక్కిపడతాడు" అంది వాళ్లమ్మ. పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్ష కాగితం కూడా తెచ్చింది, పాస్ అని ఉంది. రెండూ నిజమే. అయినా సరిపోవు. చెవి తెర వెనక నీరు చేరితే పెద్ద చప్పుళ్లు వినపడతాయి, మాట మాత్రం గోడ అవతల నుంచి వచ్చినట్టు మసకగా వినిపిస్తుంది. పుట్టినప్పుడు లేని నీరు జలుబులతో తర్వాత చేరవచ్చు. అడిగితే చలికాలమంతా ముక్కు కారుతూనే ఉందని, టీవీ సౌండ్ పెంచమని మారాం చేస్తాడని చెప్పింది. చెవి డాక్టరు దగ్గరికి పంపాను. చెవి తెర కదలికను చూసే టింపనోమెట్రీ పరీక్షలో రెండు చెవులకూ గీత చదునుగా వచ్చింది. అంటే తెర కదలడం లేదు, వెనక నీరు ఉంది.

వినికిడి పరీక్ష కోసం మళ్లీ డీక్యూ తేలేదాకా ఆగాల్సిన పని లేదు. మాటలు ఆలస్యమైన ఏ బిడ్డకైనా అది మొదటి రోజే రాయాలి. నేను మొదటి రోజు ఏడుపు గోలలో రాయడం మరిచిపోయాను. పదకొండు రోజులు వృథా అయ్యాయి.

అంకెను ఎంత నమ్మాలి

రెండో రోజు మానసిక స్థాయి 19 నెలలు. వయసు దాదాపు 25. 19ని 25తో భాగించి 100తో గుణిస్తే 76. పదకొండు రోజుల్లో బిడ్డ తెలివి 15 అంకెలు పెరగదు. పెరిగింది మన చూపు. 61 ఆలస్యం, 76 అంచు మీద ఉన్న స్కోరు. ఒకే బిడ్డకు రెండు పేర్లు. 76ని కూడా నేను వాడి స్థాయి అనను, ఎందుకంటే అది సరిగా వినపడని చెవులతో వచ్చినది. చేతి పనిలో వాడు వయసుకు దగ్గరగానే ఉన్నాడు, మాటల్లో బాగా వెనకబడ్డాడు. రెంటినీ కలిపి ఒక సగటు చేస్తే ఏ వైపూ నిజం కాని అంకె వస్తుంది.

నమ్మకం రెండు వైపులా సమానంగా ఉండదు. చేసి చూపించినదాన్ని చాలావరకు నమ్మొచ్చు. చేయని దాన్ని ప్రశ్నించాలి. చేసినదాంట్లోనూ ఒక జాగ్రత్త ఉంది. రెండు బొమ్మల్లో ఒకటి చూపించమంటే గుడ్డిగా చూపినా సగం సార్లు సరిపోతుంది. అమ్మ కళ్లు ఎటు తిరిగాయో అటు చూసి చూపించే పిల్లలూ ఉన్నారు. అందుకని అలాంటివి ఒక్కసారి సరిపోయిందని ఊరుకోను.

ఇంటి నుంచి వచ్చే సమాచారాన్ని "చేస్తాడా?" అని అడిగితే పనికిరాదు. ప్రేమ ఉన్నవాళ్లెవరైనా చేస్తాడనే అంటారు. "నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి ఏం చేశాడు? నీళ్లు కావాలంటే ఎలా అడిగాడు?" అంటే వాళ్లకు తెలియకుండానే నిజం వస్తుంది. ఆ నాయనమ్మ "అన్నీ చెప్తాడు" అంది గానీ, నీళ్ల సంగతి అడిగితే బిందె దగ్గరికి తన చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడని చెప్పింది. ఇంట్లో తీసిన రెండు నిమిషాల వీడియో తెమ్మంటే ఇంకా మంచిది. గదిలో చూసింది, అమ్మ చెప్పింది, వీడియోలో ఉన్నది మూడూ ఒకే వైపు చూపిస్తే ఆ సంగతిని గట్టిగా రాస్తాను. వీడి విషయంలో మాటల ఆలస్యం అలా మూడు చోట్లా కనబడింది, రెండు రోజుల్లోనూ మారలేదు. స్కోరు మారినా మారనిది అదే, కాబట్టి అదే నమ్మదగ్గది.

"మూడ్ బాలేదు, మూడు నెలలాగి తీసుకురండి" అనడం కూడా తప్పే, ఒక్కోసారి 61 రాసి పంపడం కన్నా పెద్ద తప్పు. ప్రతిసారీ, ప్రతి గదిలో సహకరించని బిడ్డ ఏదో చెబుతున్నాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మూడేళ్లకు పరీక్షలో సహకరించనివాళ్లు ఐదేళ్లకు మిగతావారి కన్నా సగటున వెనకబడి కనిపించారని పరిశీలనలున్నాయి. అందరూ వెనకబడతారని కాదు, వాళ్లను లెక్కలోంచి తీసేస్తే ప్రమాదం అని. వద్దనే తీరును చూస్తే కొంత తెలుస్తుంది. సిగ్గుపడే బిడ్డ అమ్మ భుజం మీంచి తొంగి చూస్తాడు, నేను చూడగానే దాక్కుంటాడు, మళ్లీ చూస్తాడు. వాడి "వద్దు" నాకే చెబుతున్నాడు. ఇంకో బిడ్డ ఏడవడు, తోయడు, నేను గదిలో ఉన్నట్టే తెలియనట్టు ఫ్యాన్ రెక్కల వంక చూస్తూ ఉంటాడు. అలవాటు పడ్డాకా, రెండో తడవా కూడా అలాగే ఉంటే సహకారం లేదని రాసి ఊరుకోకూడదు. ఆటిజం కోణంలో వేరుగా చూడాలి.

మళ్లీ పరీక్ష ఎప్పుడు అన్నది ఎందుకు అన్నదాని మీద ఆధారపడుతుంది. మొదటిది సగంలో ఆగిపోతే ఒకటి రెండు వారాల్లో పెట్టేసి, మిగిలిన ఐటమ్‌లు పూర్తిచేయాలి. అలా పెట్టినప్పుడు, ముందు చూసి నేర్చుకుని చేసినది ఏదైనా ఉందా అని గమనించాలి. మొదటి రోజు తోసేసి, కప్పు కింద దాచిన బొమ్మ ఎక్కడుందో తెలుసుకున్న బిడ్డ రెండోసారి నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. ఎదుగుదల ఎంత జరిగిందో తెలియాలంటే మాత్రం నెలలు ఆగాలి.

రిపోర్టులో ఆ బాబు పేరు కింద నేను రాసింది ఇది. మొదటి సెషన్‌లో 20 ఐటమ్‌లలో 9 నిరాకరించాడు, ఆ స్కోరును వాడొద్దు. రెండో సెషన్‌లో సహకారం బాగుంది, డీక్యూ 76, కానీ రెండు చెవుల్లో నీరు ఉండగా వచ్చింది కాబట్టి ఇది కనీస అంచనా. మాటలతో పని లేని పనులు వయసుకు దగ్గరగా ఉన్నాయి, వీటిని నమ్మొచ్చు. మాటలు అర్థం చేసుకోవడం, మాట్లాడటం రెండూ వెనకబడ్డాయి, ఆలస్యం ఉందన్నది నమ్మొచ్చు, ఎంత అన్నది ఇప్పుడు చెప్పలేం. స్పీచ్ థెరపీ ఇప్పుడే మొదలుపెట్టాలి. చెవి డాక్టరు మూడు నెలలు చూద్దామన్నారు, ఆ తర్వాత చెవి పరీక్ష చేసి, అదే వారంలో ఇక్కడికి రావాలి.

వాళ్లమ్మ కాగితం రెండుసార్లు చదివి, 76 మీద వేలు పెట్టి అడిగింది. "మేడమ్, దీన్ని ఇంట్లో అందరికీ ఏమని చెప్పాలి?" ఆ అంకె చెప్పొద్దన్నాను. "వాడితో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని, ముఖం చూసేదాకా ఆగి మాట్లాడమని చెప్పండి" అన్నాను. నాయనమ్మ అప్పటికే చాప మీద వాడి ముందు చతికిలబడి, కప్ప బొమ్మను తన గడ్డం దగ్గర పట్టుకుని ఉంది.